ముందు మిగిల్చిన నిమిషాలు ముప్పయ్యో కిలోమీటరు దాటాక ఏమవుతాయి?

2022 సెప్టెంబరు 25, బెర్లిన్. మారథాన్‌లో సగం దూరం దాటేసరికి ఎలియుడ్ కిప్‌చోగె గడియారం 59 నిమిషాల 51 సెకన్లు చూపించింది. టీవీల ముందున్నవాళ్ళు కుర్చీల అంచుల్లోకి జరిగారు. ఇదే వేగం నిలిస్తే రెండు గంటల లోపే అయిపోతుంది మరి! నిలవలేదు. రెండో సగానికి 61 నిమిషాల 18 సెకన్లు పట్టింది. మొత్తం 2 గంటల 1 నిమిషం 9 సెకన్లు. అయినా ప్రపంచ రికార్డే.

ఏడాది తిరిగింది. 2023 అక్టోబరు 8న షికాగోలో ఇరవై మూడేళ్ళ కెల్విన్ కిప్టమ్ దాన్ని తిరగేసి పరిగెత్తాడు. మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగం 59 నిమిషాల 47 సెకన్లు. మొత్తం 2 గంటల 35 సెకన్లు. కిప్‌చోగె రికార్డు 34 సెకన్ల తేడాతో చెరిగిపోయింది. చిత్రమేమిటంటే, ఇద్దరూ ఒక సగాన్ని దాదాపు ఒకే సమయంలో పరిగెత్తారు. ఒకరు ముందు, ఒకరు వెనక, అంతే.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని రెండు సగాలు చేసి, ఏ సగానికి ఎంత పట్టిందో చూడటాన్నే రన్నర్లు స్ప్లిట్ అంటారు. రెండు సగాలూ సమానమైతే ఈవెన్ స్ప్లిట్. రెండో సగం వేగంగా అయితే నెగటివ్ స్ప్లిట్. రెండో సగం నెమ్మదిస్తే పాజిటివ్ స్ప్లిట్. ఈ పేర్లు కొత్తవాళ్ళను తికమక పెడతాయి. పాజిటివ్ అనగానే మంచిదేదో అనిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం రెండో సగంలో నిమిషాలు పెరిగాయని మాత్రమే. రక్తపరీక్షలో పాజిటివ్ లాంటిదనుకుంటే సరి.

కిలోమీటరు లెక్కలోకి దించితే తేడా ఎంత సన్నగా ఉంటుందో తెలుస్తుంది. ఇకపై 2:50 అని రాస్తే 2 నిమిషాల 50 సెకన్లని చదువుకోవాలి. కిప్టమ్ షికాగోలో మొదటి సగాన్ని కిలోమీటరుకు సగటున 2:53 చొప్పున, రెండో సగాన్ని 2:50 చొప్పున పరిగెత్తాడు. తేడా మూడు సెకన్లు. 30 నుంచి 35 కిలోమీటర్ల మధ్య మాత్రం ఒక్కసారిగా 2:46కి దిగాడు. పందెం అక్కడే తేలిపోయింది. బెర్లిన్‌లో కిప్‌చోగె మొదటి ఐదు కిలోమీటర్లు 2:51 చొప్పున మొదలుపెట్టి, 35 నుంచి 40 వరకు 2:57 దాకా జారాడు. ఆ జారడం కూడా మెట్టు మెట్టుగా జరిగింది, కూలిపోవడం కాదు. అదే ఊళ్ళో 2018లో ఆయన ముందు 61:06, వెనక 60:33గా నెగటివ్ స్ప్లిట్ పరిగెత్తినప్పుడు వచ్చింది 2:01:39. అంటే ఆయన విషయంలో, పాజిటివ్ స్ప్లిట్ పరుగే అర నిమిషం వేగంగా ముగిసింది. కాబట్టి ‘నెగటివ్ స్ప్లిట్టే మంచిది’ అని కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళ మాట సగమే నిజం.

సగటు రన్నర్ కథ వేరు. అక్కడ తేడాలు మూడు సెకన్లలో ఉండవు, నిమిషాల్లో ఉంటాయి.

హైదరాబాద్ రన్నర్ ఒకరిని ఊహించుకుందాం. ముప్పై ఎనిమిదేళ్ళు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, ఇది రెండో మారథాన్. లక్ష్యం నాలుగు గంటలు. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు. 42.195తో భాగిస్తే కిలోమీటరుకు 341 సెకన్ల పైచిలుకు, అంటే 5:41. ఈవెన్ స్ప్లిట్ అంటే మొదటి కిలోమీటరు నుంచి చివరిదాకా ఆ అంకెను పట్టుకుని ఉండటం. సగం దూరం సరిగ్గా రెండు గంటలకు రావాలి.

పందెం రోజు తెల్లవారుజామున ఆ 5:41 అతనికి నడకలా అనిపిస్తుంది. అనిపించక తప్పదు. రెండు మూడు వారాలుగా పరుగు తగ్గించి కాళ్ళకు విశ్రాంతినిచ్చాడు, కండరాల్లో చక్కెర నిల్వ నిండుగా ఉంది, గాలి ఇంకా చల్లగా ఉంది, చుట్టూ వేలమంది, స్పీకర్లలో తీన్మార్. వాచీ 5:25 చూపిస్తోంది, ఊపిరి ఎక్కడా బరువెక్కలేదు. ఇక్కడే రన్నర్ల నోట తరచూ వినిపించే మాట ఒకటి అతని బుర్రలో మెదులుతుంది: టైం బ్యాంక్ చేసుకోవడం. ఒంట్లో శక్తి ఉన్నప్పుడే కిలోమీటరుకు పదహారు సెకన్లు మిగిల్చుకుంటే, చివర్లో అలసినప్పుడు ఖర్చు పెట్టుకోవచ్చు కదా!

లెక్క చేసి చూద్దాం. 5:25 చొప్పున 28 కిలోమీటర్లు లాగాడనుకోండి. అక్కడికి 2 గంటల 31 నిమిషాల 40 సెకన్లు. ఈవెన్ లెక్క ప్రకారం అక్కడ 2:39:16 ఉండాలి. ఖాతాలో ఏడున్నర నిమిషాలు! ఆ క్షణాన అతనికంటే ధనవంతుడు రోడ్డు మీద లేడు. తర్వాతి నాలుగు కిలోమీటర్లు కాస్త బరువుగా, 6:00 చొప్పున సాగాయి. 32 దగ్గర ఖాతాలో ఇంకా 6 నిమిషాల 21 సెకన్లు ఉన్నాయి. ఆ తర్వాత కాళ్ళు మాట వినడం మానేశాయి. కిలోమీటరుకు 7:00. ఈ అంకె చూసి అతిశయోక్తి అనుకోవద్దు. మధ్యమధ్యలో నడక పడిందంటే ఏడు నిమిషాలు చాలా మామూలు.

ఇప్పుడు ఒక్కో కిలోమీటరుకు 79 సెకన్ల చొప్పున ఖాతా కరుగుతోంది. 37వ కిలోమీటరు బోర్డు చేరేలోపే మొత్తం ఖాళీ. ఇంకా ఐదు కిలోమీటర్లకు పైగా మిగిలే ఉంది. చివరికి 4 గంటల 7 నిమిషాల 2 సెకన్లు. ముందు మిగిల్చింది ఏడున్నర నిమిషాలు, తర్వాత పోగొట్టుకుంది పద్నాలుగున్నరకు పైగా. దాదాపు రెట్టింపు.

ఇది బ్యాంకు కాదన్నమాట, అప్పు. అతను దాచుకున్నాననుకున్న ప్రతి సెకనూ తన కండరాల దగ్గర చేబదులు తీసుకున్నదే. వడ్డీ బెజవాడ కాల్‌మనీ వాళ్ళు కూడా సిగ్గుపడేంత.

ఆ వడ్డీ ఎందుకంత? ఒంట్లో పరుగుకు పనికొచ్చే ఇంధనాలు ముఖ్యంగా రెండు. ఒకటి కొవ్వు, ఎంత సన్నటి మనిషిలోనైనా మారథాన్‌కు సరిపోయి మిగిలేంత ఉంటుంది. కానీ అది నెమ్మదిగా మండే పిడక లాంటిది, పైగా అదే శక్తికి ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. రెండోది గ్లైకోజెన్, అంటే కండరాలు, కాలేయం దాచుకునే చక్కెర. ఇది చప్పున అంటుకుంటుంది, కానీ కొంచెమే ఉంటుంది. స్థూలంగా రెండు వేల కేలరీల విలువ. డెబ్భై కిలోల మనిషి మారథాన్ పూర్తి చేయడానికి మూడు వేల కేలరీల దాకా ఖర్చవుతుంది. మిగతాది కొవ్వు నుంచీ, దారిలో తాగే తియ్యటి నీళ్ళూ జెల్‌ల నుంచీ రావాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. వేగం పెంచితే మొత్తం ఖర్చుతోబాటు అందులో చక్కెర వాటా కూడా పెరుగుతుంది. నిదానంగా పరిగెత్తితే కొవ్వు ఎక్కువ భారం మోస్తుంది. ఊపు పెరిగేకొద్దీ అది తప్పుకుని చక్కెరను ముందుకు నెడుతుంది. 5:41కీ 5:25కీ వేగంలో తేడా ఐదు శాతం. చక్కెర ఖర్చులో తేడా అంతకు మించి ఉంటుంది. ఆ అదనపు ఖర్చు మొదటి 25 కిలోమీటర్లలో ఎక్కడా బయటపడదు, ఎందుకంటే నిల్వ ఇంకా ఉంది. ట్యాంకు అడుగంటిన రోజు స్కూటర్ కూడా చివరి లీటరు దాకా అదే వేగంతో పోతుంది. రన్నర్లు ‘గోడ తగిలింది’ అనే చోటు సాధారణంగా 30 కిలోమీటర్ల తర్వాత రావడానికి ముఖ్యమైన కారణం ఇదే. నిల్వ తరిగాక శరీరం కొవ్వు అందించగలిగే వేగానికి దిగిపోవాలి. ఆ వేగం ఆరూ ఏడూ నిమిషాల దగ్గర ఉంటుంది. సంకల్పబలం గురించి ఆ సమయంలో ఎవరెన్ని చెప్పినా కాళ్ళకు ఎక్కదు.

మన ఊహల రన్నర్ మొదటి సగం 1:54:17, రెండో సగం 2:12:45. అంటే రెండో సగం పదహారు శాతం నెమ్మదించాడు. ఇది అరుదైన దురదృష్టమేమీ కాదు. అమెరికాలో 14 మారథాన్ల నుంచి 91,929 మంది ఫలితాలను తీసుకుని 2015లో కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. మగవాళ్ళు రెండో సగంలో సగటున 15.6 శాతం, ఆడవాళ్ళు 11.7 శాతం నెమ్మదించినట్టు తేలింది. ఆడవాళ్ళ శరీరం అదే శ్రమలో కొవ్వును కాస్త ఎక్కువగా వాడుకుంటుందన్నది ఒక కారణంగా చెబుతారు. మగవాళ్ళు మొదట్లో తమ గురించి కాస్త ఎక్కువగా ఊహించుకుంటారన్నది మరొకటి. రెండోది నమ్మడానికి పరిశోధన అక్కర్లేదని ఏ పందెంలోనైనా మొదటి కిలోమీటరు చూసినవాళ్ళు అంటారు.

అదే మనిషి, అదే నాలుగు గంటలు. ఇప్పుడు నెగటివ్ స్ప్లిట్ ప్రణాళికతో పరిగెత్తిద్దాం. చాలామంది దీన్ని ముందంతా మందకొడిగా పోయి చివర్లో చిరుతలా దూకడం అనుకుంటారు. కాగితం మీద చూస్తే ఎంత బెదురుగా, ఎంత కొద్దికొద్దిగా జరుగుతుందో తెలుస్తుంది. మొదటి ఐదు కిలోమీటర్లు 5:50 చొప్పున. ఇక్కడ ఈవెన్ లెక్క కంటే 44 సెకన్లు వెనకబడతాడు. 6 నుంచి సగం దూరం దాకా 5:42. సగం దగ్గర గడియారం 2:00:55, అంటే దాదాపు నిమిషం బాకీ. 32 వరకు 5:40. బాకీ 41 సెకన్లకు తగ్గింది. మిగిలిన పది కిలోమీటర్ల చిల్లర 5:37 చొప్పున పరిగెత్తితే సరిగ్గా నాలుగు గంటలు. పందెం మొత్తంలో అతి నెమ్మది కిలోమీటరుకూ అతి వేగపు కిలోమీటరుకూ తేడా పదమూడు సెకన్లే.

ఇందులో కష్టమంతా మొదటి ఐదు కిలోమీటర్లలోనే ఉంది. 5:50తో పోతున్నవాణ్ణి అందరూ దాటేస్తుంటారు. పొట్ట ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, ఫోన్‌లో వీడియో తీసుకుంటూ పరిగెత్తేవాళ్ళు. 44 సెకన్లు పోయాయని కంగారుపడి ఆరో కిలోమీటరులోనే అన్నీ రాబట్టుకోవాలని చూస్తే పథకం అక్కడికక్కడే చచ్చినట్టు. ఆ బాకీ తీర్చడానికి ఇంకా 37 కిలోమీటర్లున్నాయి. కిలోమీటరుకు సెకను పైచిలుకు చాలు.

అలాగని సగాల మధ్య తేడా మరీ పెద్దదైతే అదీ మెచ్చుకోదగ్గ విషయం కాదు. ముందు 2:05, వెనక 1:55 పరిగెత్తి గర్వంగా ఫోటో పెట్టినవాడు నిజానికి నాలుగు గంటల కంటే మంచి సమయానికి తగిన మనిషి. మొదటి సగంలో ఆ సమయాన్ని వదిలేసుకున్నాడు. ఒకటి రెండు నిమిషాల నెగటివ్ అయితే లెక్క సరిపోయినట్టు.

ఈవెన్ స్ప్లిట్‌కు అందరికంటే అచ్చమైన ఉదాహరణ 2019 అక్టోబరు 12న వియన్నాలోని ప్రాటర్ పార్కులో కనిపించింది. కిప్‌చోగె 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తి చేసిన రోజది. కిలోమీటరుకు సగటు 2:50. ఏ కిలోమీటరూ 2:48 నుంచి 2:52 మధ్యన కాకుండా పోలేదు. అందుకోసం ఏం కావలసివచ్చిందో చూడండి: చదునైన రోడ్డు, చల్లని ఉదయం, వంతులవారీగా మారుతూ గాలిని అడ్డుకునే 41 మంది తోడు రన్నర్లు, వాళ్ళ ముందు కారు, రోడ్డు మీద వేగాన్ని గీతలుగా చూపే లేజర్. పోటీ నిబంధనలకు కుదరని ఏర్పాట్లు కాబట్టి అది రికార్డుగా లెక్కకు రాలేదు.

హైదరాబాద్‌లో లేజర్ గీతలుండవు, ఫ్లైఓవర్లుంటాయి. ఇక్కడి మారథాన్ ఆగస్టులో నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటి ఉండగానే మొదలై గచ్చిబౌలి స్టేడియం వైపు సాగుతుంది. దారి పొడుగునా ఎత్తుపల్లాలే. ఎక్కేటప్పుడు పోయే సెకన్లన్నీ దిగేటప్పుడు తిరిగి రావు. పైగా దిగుడులో తొందరపడితే తొడ కండరాలకు తగిలే దెబ్బలు తర్వాత గుర్తొస్తాయి. ఇలాంటి చోట ప్రతి కిలోమీటరూ 5:41 రావాలని పట్టుబట్టడం అంటే ఎక్కేటప్పుడు అప్పు చేయడమే. సమంగా ఉంచుకోవలసింది శ్రమను. ఎక్కేటప్పుడు ఊపిరి అదే లయలో ఉండనిచ్చి, కిలోమీటరు 6:00 అయినా కానివ్వాలి. ముంబయి మారథాన్ పరిగెత్తిన తెలుగువాళ్ళకు పెద్దర్ రోడ్ ఎక్కుడు ఇందుకే మరపురాదు. అది తిరుగు దారిలో, ముప్పై అయిదు దాటిన కాళ్ళకు ఎదురవుతుంది.

ఎండ సంగతి ఇంకా మొండిది. తెల్లవారుజామున మొదలయ్యే పందెంలో రెండో సగం ఎప్పుడూ మొదటిదానికంటే వేడిగానే ఉంటుంది. చెమటగా నీరు పోయేకొద్దీ రక్తంలో ద్రవం తగ్గుతుంది, చర్మాన్ని చల్లబరచడానికి కొంత రక్తం అటు మళ్ళుతుంది. గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గి, ఆ లోటును ఎక్కువసార్లు కొట్టుకుని పూడ్చుకుంటుంది. అందుకే వేగం మారకపోయినా వాచీలో గుండె వేగం మెల్లగా పైకి పాకుతుంది. అంటే మన వాతావరణంలో వాచీ ప్రకారం ఈవెన్‌గా పరిగెత్తడమంటే, శ్రమ ప్రకారం రానురానూ గట్టిగా పరిగెత్తడమే. రెండు మూడు నిమిషాల పాజిటివ్ స్ప్లిట్‌తో గచ్చిబౌలి చేరిన మనిషి తప్పు చేసినట్టు కాదు. ఒంటి మాట విన్నాడని అర్థం.

తప్పు ఎక్కడ జరిగిందో పందెం తర్వాత తెలుసుకోవడానికి ఫలితాల పేజీ చాలు. కాలికో ఛాతీ నంబరుకో ఉండే చిప్ దారిలో పరిచిన పట్టాలను దాటినప్పుడల్లా సమయం నమోదవుతుంది. వాటి మధ్య వేగాలను వరసగా రాసుకుంటే బొమ్మ కడుతుంది. అన్నిటికంటే వేగమైన భాగం మొదటి ఐదు కిలోమీటర్లే అయితే తొందరపాటు అక్కడే. 28, 30 వరకు గీత గీసినట్టుండి ఆపైన ఒక్కసారిగా నిమిషం పైన పడిపోతే ఇంధనం అయిపోయినట్టు. జెల్‌లు ఆలస్యంగా తీసుకోవడమో, వేగం కాస్త ఎక్కువవడమో కారణం. పదిహేను నుంచే కిలోమీటరుకు రెండు మూడు సెకన్ల చొప్పున అరిగిపోతూ వస్తే లక్ష్యమే అతని శిక్షణకు మించింది. వేగం నిలిచి గుండె మాత్రం పైకి పాకి, ఆ తర్వాత వేగం దిగితే ఎండను అనుమానించాలి. ఇవి కలిసి కూడా వస్తాయి, అప్పుడు ఏది మొదట వచ్చిందన్నదే చూడాలి.

వీటన్నిటిలో జాగ్రత్తపడ్డవాళ్ళు కూడా ఒక చిన్న విషయం దగ్గర బోల్తా పడతారు. మారథాన్ దారిని మలుపుల్లో లోపలి అంచు వెంబడి అతి దగ్గర దారిగా కొలుస్తారు. పైగా తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. రన్నర్ మాత్రం నీళ్ళ బల్ల కోసం అటు, గుంపును తప్పించుకోవడానికి ఇటు తిరుగుతూ పోతాడు. ఫ్లైఓవర్ల కింద, ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతం తడబడి వాచీ తనవంతు అబద్ధం తాను కలుపుతుంది. పందెం ముగిసేసరికి చేతి వాచీలో 42.6 చూపించడం సర్వసాధారణం. కాబట్టి నాలుగు గంటలు కావాలంటే వాచీలో 5:41 చాలదు, 5:38 కనిపించాలి. లేదా వాచీ దూరాన్ని పట్టించుకోకుండా, రోడ్డు పక్క కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా చేత్తో ల్యాప్ నొక్కి, మణికట్టుకు చుట్టుకున్న కాగితం పట్టీలోని సమయంతో పోల్చుకోవాలి.

అలా చేయనివాడు ప్రతి కిలోమీటరూ నిక్కచ్చిగా 5:41 పరిగెత్తుతాడు. వాచీలో 42.2 పడుతుంది, గడియారం నాలుగు గంటల దగ్గర ఉంటుంది, మణికట్టు మీద అభినందన మెరుస్తుంది. తలెత్తి చూస్తే ముగింపు తోరణం ఇంకా నాలుగు వందల మీటర్ల దూరంలో, అతని వేగానికి రెండుంపావు నిమిషాల అవతల ఉంటుంది.